మునివేళ్ల మీద పదేళ్ల వయసు

ఆడుతున్నంతసేపూ లేడిపిల్లల్లా ఉరుకుతారు. ఆట ముగిసి ఇంటికొచ్చేసరికి కుంటుతారు. పదేళ్ల పిల్లల మడమ నొప్పి వెనకున్న కథ ఇది.

పొద్దున ఆరు కూడా కాలేదు. మిర్యాలగూడ ఎన్నెస్పీ క్యాంపు గ్రౌండు మీదికి మే నెల ఎండ ఇంకా రాలేదు గానీ, నేల మాత్రం గచ్చులా బిగుసుకుపోయి ఉంది. ఒక మూల వల కట్టి క్రికెట్టు నేర్పుతున్నారు. ఇంకో మూల సున్నపు గీతల మధ్య పిల్లలు వట్టికాళ్లతో కబడ్డీ కూతకు పోతున్నారు. నా మేనల్లుడు బంతి పట్టుకుని దూరం నుంచి ఉరికొచ్చాడు. బంతి పడాల్సిన చోటే పడింది. వాడి కాలే పడాల్సినట్టు పడలేదు. ముందుకాలి మడమ నేలకు తగలగానే నిప్పు తొక్కినట్టు ఎత్తేసి, మిగతా రెండడుగులూ మునివేళ్ల మీద గెంతాడు.

"ఏందిరా, గట్ల దుంకుతున్నవ్?"

"ఏం లేదు మామా."

ఆ 'ఏం లేదు'కు పది రోజుల వయసుందని ఇంటికొచ్చాక మా అక్క చెప్పింది. పొద్దున మంచం దిగి నాలుగడుగులు కుంటుతాడు. కాసేపటికి సర్దుకుంటాడు. గ్రౌండుకు పోయి రెండు గంటలు ఆడతాడు. వచ్చాక గోడ పట్టుకుని నడుస్తాడు. అడిగితే ఏం లేదంటాడు, ఎందుకంటే ఉందంటే ఆట బందు పెడతారని వాడికి తెలుసు. అక్కకు అనుమానం వచ్చింది వాడి మాటల వల్ల కాదు, చెప్పుల వల్ల. కుడికాలి చెప్పు ముందువైపు అరిగిపోయింది, మడమ దగ్గర మాత్రం కొత్తదిలాగే ఉంది.

వాడికి శిక్షణ ఇచ్చే ఆయనను అడిగితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ప్రతి ఎండాకాలం ఇద్దరో ముగ్గురో ఉంటరు సార్. తొమ్మిది నుంచి పన్నెండేండ్ల పోరగాండ్లే. పెద్ద బ్యాచులోళ్లకు రాదు, చిన్నోళ్లకు రాదు" అన్నాడు. పేరు తెలియకపోయినా ఆయన జబ్బు లక్షణాన్ని సరిగ్గా పట్టుకున్నాడు. ఈ నొప్పికి వయసే మొదటి గుర్తు.

నాలుగు గుమ్మాలు, నాలుగు మాటలు

మా ఇంట్లో జరిగింది చెబుతాను, చాలా ఇళ్లలో ఇదే వరుస కాబట్టి. మొదట వాడి నాయనమ్మ మాట చెల్లింది. "ఎదిగే నొప్పులు, అవే పోతయ్" అంది. అని ఊరుకోకుండా ఇటుకను పొయ్యి మీద కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించమంది. పెద్దల మడమశూలకు మన ఊళ్లలో తరతరాలుగా చేసే కాపడమే అది. వాడు ఒక్కసారి ఆనించి కెవ్వుమన్నాడు. చర్మం ఎర్రబడింది. జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పిల్లల మడమకు మాత్రం ఈ కాపడం వద్దు.

రెండో గుమ్మం వీధి చివరి ఆరెంపీది. కాల్షియం తక్కువైందని ఒక సీసా, నొప్పి తగ్గడానికి ఒక సూది. సూది వేసిన రోజు నొప్పి తగ్గింది. తగ్గింది కదా అని వాడు ఆ సాయంత్రం మూడు గంటలు ఆడాడు. మర్నాడు కాలు కింద పెట్టలేదు.

ఈలోగా బావ బుర్రలో ఇంకో భయం మొలిచింది. నల్లగొండ జిల్లాలో ఎముక నొప్పి అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. మర్రిగూడ, మునుగోడు వైపు వంకర తిరిగిన కాళ్లను చూస్తూ పెరిగిన తరం మాది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు తాగే ఊళ్లో ఉన్నా ఆ భయం పోదు. కానీ ఫ్లోరైడు పిల్లలను పట్టే తీరు వేరు. ముందు పళ్ల మీద గోధుమరంగు గారలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో ఒంట్లోకి చేరితే కాళ్లు వంగుతాయి, నడుము, మెడ బిగుసుకుంటాయి. ఆడిన రోజు వచ్చి, ఆడని రోజు పోయే నొప్పి ఫ్లోరైడు లక్షణం కాదు. మా వాడి పళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ భయం అక్కడితో సరి.

మూడో గుమ్మం దగ్గర ఎక్సరే తీశారు. ఆ ఫిల్మును బావ ట్యూబులైటుకు అడ్డంపెట్టి నాకు చూపించాడు. మడమ ఎముక వెనకవైపున నెలవంకలాంటి ముక్క విడిగా ఉంది. అది కూడా ఒకటి కాదు, మూడు తునకలు. మిగతా ఎముక కన్నా తెల్లగా, గట్టిగా కనిపిస్తోంది. "పగిలింది, పట్టీ వెయ్యాలి, ఆరు వారాలు మంచం దిగొద్దు" అన్నారట అక్కడ. అక్క ఆ రాత్రి అన్నం తినలేదు.

నాలుగోది ఒక ఎముకల డాక్టరు గది. ఆయన ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టి ఒక్కక్షణం చూసి పక్కన పెట్టేశాడు. "రెండు కాళ్లదీ కదా తీసింది. నొప్పిలేని ఎడమకాలు చూడండి" అన్నాడు. అదే నెలవంక, అవే తునకలు, అదే తెలుపు. పదేళ్ల పిల్లల మడమ అలాగే ఉంటుంది. ఎక్సరేలో కనిపించిన ఆ 'పగులు' జబ్బు కాదు, వయసు.

తర్వాత ఆయన చేసిన పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేకపోయింది. వాడిని బల్ల మీద పడుకోబెట్టి, మడమను రెండు పక్కల నుంచీ అరచేతుల మధ్య పెట్టి, నిమ్మకాయ పిండినట్టు నొక్కాడు. ఎడమకాలికి వాడు మామూలుగానే చూస్తున్నాడు. కుడికాలికి ఒక్కసారిగా కాలు లాక్కున్నాడు. "ఇదే" అన్నాడు డాక్టరు.

> ఇంట్లోనే చూసుకోవచ్చు
>
> పిల్లను బోర్లా పడుకోబెట్టి మడమ వెనకభాగాన్ని రెండు పక్కల నుంచీ బొటనవేలు, చూపుడువేలి మధ్య గట్టిగా నొక్కండి. రెండు కాళ్లకూ చేసి పోల్చండి. నొప్పి ఆ పక్కల్లో ఉంటే అనుమానించాల్సింది ఈ ఎదుగుదల నొప్పినే. నొక్కు మడమ కింద ఒకే చుక్క దగ్గర నొప్పి పుట్టిస్తే ముందు ముల్లు కోసం చూడండి. తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోవడం మన దగ్గర అరుదేమీ కాదు.
>
> తర్వాత మడమలు ఎత్తకుండా గొంతుక్కూర్చోమనండి. మడమ నేలకు ఆనకపోయినా, వెనక్కి పడిపోతున్నా పిక్కలు బిగుసుకున్నాయని అర్థం.

ఆరని సున్నం మీద తాడు గుంజుడు

మడమ ఎముక పుట్టుకతోనే పూర్తిగా తయారై రాదు. వెనకవైపున ఉండే టోపీలాంటి ముక్క ఆడపిల్లల్లో ఐదారేళ్లకు, మగపిల్లల్లో ఏడెనిమిదేళ్లకు ఎముకగా మారడం మొదలుపెడుతుంది. చాలాసార్లు ఒక్క ముక్కగా కాదు, రెండు మూడు తునకలుగా. ఆ టోపీకి, అసలు ఎముకకు మధ్య మెత్తటి మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పెరిగేది ఆ పొర దగ్గరే. పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి అది గట్టిపడి రెండూ ఒకటైపోతాయి. అప్పటిదాకా అది కట్టి నీళ్లు చల్లుతున్న గోడలాంటిది. ఇటుకలు గట్టివే, మధ్యలో సున్నమే ఇంకా ఆరలేదు.

ఇప్పుడు ఆ టోపీని ఎవరెవరు లాగుతున్నారో చూడండి. పిక్క కండరాల నుంచి మందపాటి తాడొకటి దిగి సరిగ్గా దానికే అతుక్కుంటుంది. మనం వాడుకలో నరం అంటాం గానీ అది నరం కాదు, స్నాయువు. ఒంట్లోకెల్లా బలమైన స్నాయువు అదే. అది పైకి గుంజుతుంది. అరికాలి కింద పరుచుకున్న ఇంకో పట్టీ ముందుకు గుంజుతుంది. ప్రతి అడుగుకూ కింద నుంచి నేల కొడుతుంది. నడకలో ఈ గుంజుడు పెద్ద లెక్క కాదు. పరుగులో, గెంతులో మాత్రం స్నాయువు మీద పడే బలం పిల్లవాడి బరువుకు ఎన్నో రెట్లవుతుంది.

దీనికి తోడు ఎదుగుదల. పదేళ్ల వయసులో కాలి ఎముక ముందు సాగుతుంది, కండరం దాని వెనక నింపాదిగా వస్తుంది. కొన్ని నెలలపాటు పిక్క ఎముకకు పొట్టిదవుతుంది. బిగదీసి కట్టిన బట్టల దండెంలా ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. మా అక్క ఇంట్లో తలుపు చెక్క మీద వాడి పుట్టినరోజుకు, పండక్కి పెన్సిలుతో గీసిన గీతలున్నాయి. డాక్టరు దగ్గర నుంచి వచ్చాక టేపు పెట్టి కొలిచాం. దసరా నుంచి ఉగాదికే నాలుగు సెంటీమీటర్లు పెరిగాడు. బడి ప్యాంటు పొట్టిదైందని తిట్టుకున్నాం గానీ, అదే కాలంలో పిక్క కూడా పొట్టిదవుతోందని మాకేం తెలుసు.

కాబట్టి బిగిసిన తాడు, ఆరని సున్నం, గట్టి నేల, మూడూ ఒకే ఎండాకాలంలో కలిశాయి. నాలుగోది మేం చేసింది.

లెక్క తేలిన కాగితం

ఆ డాక్టరు మందు రాయకముందు ఒక తెల్లకాగితం ఇచ్చి, గత రెండు నెలల్లో వాడు వారానికి ఎన్ని గంటలు ఆడాడో రాయమన్నాడు. మార్చిలో బడి ఉన్నప్పుడు ఆటల పీరియడ్లు, సాయంత్రం గల్లీ క్రికెట్టు కలిపితే వారానికి నాలుగైదు గంటలు. ఏప్రిల్ చివర్లో శిబిరంలో చేర్చాం. పొద్దున రెండు గంటల చొప్పున ఆరు రోజులు. సాయంత్రం స్నేహితులతో గంట, గంటన్నర. మొత్తం పంతొమ్మిది, ఇరవై. ఒక్క వారంలో నాలుగు రెట్లు. కాగితం చూసి బావ తల గోక్కున్నాడు.

అమెరికాలో పిల్లల క్రీడా గాయాలపై పనిచేసే నీరు జయంతి బృందం 2015లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. పిల్ల వయసు ఎన్నేళ్లో వారానికి అన్ని గంటలకు మించి శిక్షణ, పోటీలు ఉన్నవాళ్లలో గాయాలు ఎక్కువని అందులో తేలింది. పదేళ్లయితే పది గంటలు. ఇది గీత గీసినట్టు పాటించాల్సిన చట్టమేమీ కాదు. కానీ శిబిరంలో చేర్పించేటప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టుకోవడానికి పనికొచ్చే అంకె.

ఇక్కడ తల్లిదండ్రులను పూర్తిగా తప్పుపట్టలేను. భద్రాచలం నుంచి వెళ్లిన గొంగడి త్రిష 2025 ఫిబ్రవరిలో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్లోనూ, మొత్తం టోర్నీలోనూ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. అలాంటి కథ చూశాక 'మనోడు కూడా' అనుకోని ఇల్లుండదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కబడ్డీ పిచ్చి ఎటూ పాతదే. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు జనం ఎంతలా వచ్చారో, గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడిన ఆ సాయంత్రం అందరికీ గుర్తే. ఆట మీద ఇంత ప్రేమ ఉన్న చోట పిల్లలు ఎక్కువ ఆడటం వింతేమీ కాదు. పిల్లలు ఆడటం తప్పు అసలే కాదు. వారానికి ఐదు గంటల నుంచి ఇరవైకి ఒక్క గెంతున పోవడమే మడమకు నచ్చలేదు.

> సివియర్ కాదు, సీవర్
>
> బోస్టన్‌కు చెందిన ఎముకల వైద్యుడు జేమ్స్ వారెన్ సీవర్ 1912లో పిల్లల్లో ఈ మడమ నొప్పిని వివరంగా రాశాడు. అందుకే దీనికి సీవర్స్ డిసీజ్ అన్న పేరు నిలిచింది. మా బావ చీటీ మీద ఆ మాట చూసి 'సివియర్' అని చదువుకుని, బస్టాండు దాకా మాట్లాడలేదు. పేరులో డిసీజ్ ఉన్నా ఇది రోగం కాదు. ఎముక ఎదుగుదల ముగియగానే దీనికి చోటే ఉండదు, వెనక ఏ లోపాన్నీ మిగల్చదు.

నాయనమ్మ చెప్పిన నొప్పులు వేరు

ఎదిగే నొప్పులన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే దాంతో చిక్కు. అవి నిజంగానే ఉన్నాయి. కానీ అవి రాత్రిపూట వస్తాయి. రెండు కాళ్లలో, పిక్కల్లో, తొడల్లో వస్తాయి. తల్లి కాసేపు పిసికితే పిల్ల నిద్రపోతుంది. తెల్లారితే గుర్తు కూడా ఉండదు, కుంటుడు అసలే ఉండదు. సీవర్ నొప్పి దానికి పూర్తిగా ఎదురు. పగటిపూటది, ఆటతో పెరిగేది, మడమలోనే ఉండేది, కుంటించేది. రాత్రి పడుకున్నాక సద్దుమణుగుతుంది. సగానికి పైగా పిల్లల్లో రెండు మడమలకూ వస్తుంది, ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ.

ఆడపిల్లల ఎముకలు ముందు ముదురుతాయి కాబట్టి వాళ్లకు ఇది ఒకటి రెండేళ్లు ముందే కనిపిస్తుంది. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్ల ఖోఖో నుంచి కుంటుతూ వస్తే 'బడి ఎగ్గొట్టే వేషం' అనేవాళ్లను నేను చూశాను. మడమను పక్కల నుంచి నొక్కి చూడటానికి అర నిమిషం పట్టదు. వేషమో కాదో అప్పుడే తెలిసిపోతుంది.

> ఈ గుర్తులుంటే ఆగొద్దు
>
> రాత్రి నిద్రలో లేపే నొప్పి. జ్వరం. మడమ వాచి, ఎర్రబడి, వేడిగా ఉండటం. గోడ మీద నుంచో చెట్టు మీద నుంచో దూకాక ఒక్కసారిగా మొదలై కాలు మోపనివ్వని నొప్పి. మేకో ముల్లో గుచ్చుకున్న కొన్ని రోజులకు మొదలైన నొప్పి. పొద్దున అరగంటకు పైగా బిగుసుకుపోయి ఉండటం, వేరే కీళ్లు కూడా వాయడం. రెండు మూడు వారాలు ఆట తగ్గించినా ఏమాత్రం తగ్గకపోవడం.
>
> ఇవి సీవర్ లక్షణాలు కావు. ఎముకకు చీము పట్టడం, నెర్రె, కీళ్లవాతం లాంటివి చూడాల్సి ఉంటుంది. ఎక్సరే, రక్తపరీక్ష అసలు అవసరమయ్యేది ఇక్కడే.

చెప్పులు కుట్టే ఆయన చేసిన వైద్యం

చికిత్స అన్న మాటకు మనం మందుచీటీ ఊహించుకుంటాం. ఈ నొప్పికి మొదటి మందు మడమ కింద పెట్టే చిన్న మెత్త. మడమను ఒక సెంటీమీటరు లోపు పైకెత్తితే పిక్క తాడు అంతమేర వదులవుతుంది, టోపీ మీద గుంజుడు తగ్గుతుంది. అంతే సూత్రం. మందుల దుకాణాల్లో సిలికాన్ మెత్తలు జతలుగా దొరుకుతాయి. మా వాడి సైజుకు దొరకలేదు. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయనకు చెబితే పాత ఎంసీఆర్ చెప్పు అడుగును చెక్కి ఇచ్చాడు. వెనక దాదాపు ఎనిమిది మిల్లీమీటర్ల మందం, ముందుకొచ్చేసరికి పలచన. బూటు లోపల కదలకుండా సొల్యూషన్ పెట్టి అంటించాడు. నొప్పి ఒక కాలికే ఉన్నా మెత్త రెండు బూట్లలోనూ ఉండాలి, లేకపోతే నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. మెత్త నొక్కితే పూర్తిగా అణిగిపోకూడదు. స్పాంజి ముక్క పెడితే వారంలో అట్టలా అయిపోతుంది.

అసలు చిక్కు బూటు దగ్గరే వచ్చింది. వాడు ఆడేది ఎక్కువగా వట్టికాళ్లతో. కాదంటే స్టడ్స్ బూట్లతో. ఆ స్టడ్స్ బూట్లకు మడమ ఎత్తుండదు, అడుగు పలచన, గట్టి నేల మీద ఒక్కో గుబ్బ సరిగ్గా మడమ కిందే పొడుస్తుంది. బడికి వేసుకునే తెల్ల క్యాన్వాసు బూట్లు ఇంకా పలచన. నొప్పి ఉన్నన్ని రోజులూ వెనకభాగం గట్టిగా, అడుగు మెత్తగా ఉన్న మామూలు పరుగు బూట్లే వేసుకోవాలన్నాడు డాక్టరు. ఇంట్లో గచ్చు మీద కూడా వట్టికాళ్లతో కాదు, మెత్తటి చెప్పులతో. నాయనమ్మ ఇంట్లో చెప్పులకు ఒప్పుకోలేదు. కొత్త జత కొని, 'ఇవి బయట తొక్కినవి కావు' అని చూపించాక గానీ రాజీ కుదరలేదు.

రెండోది పిక్కల సాగదీత. గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక పెట్టి, మడమ నేల మీదే ఉంచి ముందుకు వంగాలి. మోకాలు తిన్నగా పెట్టి అర నిమిషం, మోకాలు కొంచెం వంచి ఇంకో అర నిమిషం. రెండూ కావాలి, పిక్కలో పైన ఒక కండరం, లోపల ఇంకొకటి ఉన్నాయి కాబట్టి. ఒక్కో కాలికి మూడుసార్లు, పొద్దున, సాయంత్రం. మడమలో నొప్పి పుట్టేదాకా సాగదీస్తే మళ్లీ ఆ పచ్చి సున్నాన్నే లాగుతున్నట్టు. పిక్కలో లాగుడు తెలియాలి, మడమలో కాదు. మెట్టు అంచున నిలబడి మడమ కిందికి దించే పద్ధతి మొదటి వారాల్లో వద్దు.

ఆట అయ్యాక ఐసు పది నిమిషాలు, నేరుగా కాదు, తడిగుడ్డలో చుట్టి. మా వాడు వీధిలో అమ్మే గొట్టం ఐసులు రెండు తెచ్చి మడమకు చెరోపక్కా పెట్టుకునేవాడు, తర్వాత తినేసేవాడు. నొప్పి మరీ ఎక్కువైన రోజున బరువును బట్టి డాక్టరు చెప్పిన పారాసెటమాల్. ఆటకు ముందు నొప్పి మందు మాత్రం ఎప్పుడూ కాదు. మడమ మొత్తుకుంటున్నప్పుడు దాని నోరు మూసి ఉరికించడమే అది. ఆరెంపీ సూది చేసింది అదే. మడమలోకి స్టెరాయిడ్ సూదులు పిల్లలకు పనికిరావు. పట్టీ కూడా నడవలేనంత బాధ ఉన్న కొద్దిమందికి, కొద్దిరోజులకే.

ఇన్ని చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. నెదర్లాండ్స్‌లో సుమారు వందమంది పిల్లలను మూడు గుంపులు చేసి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఒక గుంపుకు మడమ మెత్తలు, ఒక గుంపుకు వ్యాయామాలు, ఇంకో గుంపు కనిపెట్టుకుని ఉండటమే. ఆరు వారాలప్పుడు మెత్తల గుంపు ఎక్కువ తృప్తిగా ఉంది. మూడు నెలలకు మూడు గుంపులూ బాగుపడ్డాయి, చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఈ నొప్పి ఎలాగూ తగ్గేదే. మెత్త చేసేది ఆ మధ్యకాలాన్ని సుఖంగా గడిపించడం. ఖరీదైన ప్రత్యేక బూట్లు, పదుల కొద్దీ ఫిజియోథెరపీ సిట్టింగులు కొనమనేవాళ్లకు ఈ ముక్క గుర్తుచేయవచ్చు.

గోడ క్యాలెండరులో అంకెలు

మిగిలింది ఆట. 'పూర్తిగా మానెయ్' అంటే పదేళ్లవాడు వినడు, విననక్కర్లేదు కూడా. డాక్టరు ఒక కొలత ఇచ్చాడు. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వాడే వేసుకోవాలి. ఆడేటప్పుడు మూడు దాటకూడదు. మర్నాడు పొద్దున మొదటి అడుగుకు అది మిగిలి ఉండకూడదు. కుంటితే ఆ రోజుకు ఆట ఆపాలి. అక్క ఈ అంకెలను గోడ మీది క్యాలెండరులో, తిథి నక్షత్రాల పక్కన చిన్న పెన్సిలు ముక్కతో రాసింది.

మొదటి రెండు వారాలు పరుగు, గెంతు రెండూ లేవు. నిలబడి బ్యాటింగు, నిలబడి క్యాచులు, సాయంత్రం సైకిలు. సైకిలు తొక్కేటప్పుడు మడమను నేల కొట్టదు కాబట్టి అది సులువు. అంకెలు ఆరు, ఐదు, నాలుగు, నాలుగు, రెండు. మూడో వారంలో పరుగు లేకుండా నిలబడే బంతి వేయడం, పన్నెండు బంతులు, రోజు విడిచి రోజు. నాలుగో వారంలో నాలుగడుగుల పరుగుతో పద్దెనిమిది బంతులు.

ఆ వారం ఒక తేదీ పక్కన అక్క ఏడు వేసి చుట్టూ సున్నా చుట్టింది. హుజూర్‌నగర్‌లో చుట్టాల పెళ్లి. భోజనాలయ్యాక పెళ్లిపందిరి వెనక కంకర నేల మీద వట్టికాళ్లతో కబడ్డీ. మర్నాడు మళ్లీ గోడ పట్టుకున్నాడు. వారం వెనక్కి పోయాం. ఇది చాలా ఇళ్లలో జరిగేదే. ఒక్కసారి తిరగబెట్టినంత మాత్రాన వైద్యం తప్పని కాదు, మళ్లీ రెండు మెట్లు దిగి ఎక్కాలంతే.

ఏడో వారంలో పూర్తి పరుగుతో ఇరవై నాలుగు బంతులు, అంకె ఒకటి. అప్పటికి బడులు తెరిచారు. తొమ్మిదో వారానికి వాడు క్యాలెండరు వంక చూడటం మానేశాడు, అక్క కూడా. గోడకు బొటనవేలు ఎదురుగా పెట్టి, మడమ ఎత్తకుండా మోకాలిని గోడకు తాకించే చిన్న కొలత ఒకటుంది. మొదట్లో వేలు గోడకు నాలుగు సెంటీమీటర్లు దాటితే తాకేది కాదు. ఇప్పుడు తొమ్మిది దగ్గర తాకుతోంది. మడమలు నేల మీద పెట్టి గొంతుక్కూర్చుంటున్నాడు.

ఇక రాదా అంటే, రావచ్చు. ఆ మెత్తటి పొర గట్టిపడేదాకా ఎప్పుడు ఒక్కసారిగా పొడుగు పెరిగినా, సెలవుల తర్వాత ఎప్పుడు ఒక్కసారిగా ఆట పెంచినా మళ్లీ పలకరించవచ్చు. అందుకే మెత్తలు పారెయ్యలేదు, పిక్కల సాగదీత మానలేదు. ఈ ఏడాది శిబిరానికి వారానికి నాలుగు రోజులే.

మొన్న దసరాకు వెళ్లినప్పుడు వాడి చెల్లెలు ఆట నుంచి కుంటుతూ వచ్చింది. ఎనిమిదేళ్లు నిండాయి, ఖోఖో ఆడుతోంది. అక్క వంటింట్లోంచి బయటికి వచ్చేలోపే వాడు చెల్లెలిని అరుగు మీద బోర్లా పడుకోబెట్టి, మడమను రెండు పక్కలా పట్టి డాక్టరు నొక్కినట్టే నొక్కాడు.

"నొప్పి అయితుందా?"

"లే."

ఇంకోకాలు కూడా నొక్కాడు. లేదంది. కాసేపు ఆలోచించి మడమ కింద బొటనవేలు పెట్టి ఒత్తాడు. పిల్ల కెవ్వుమంది.

"అమ్మా, పిన్నీసు తే" అని వంటింటి వైపు అరిచాడు. "ముల్లు."